మీకు తెలుసా? మస్కట్ ఎంబసీ ఫైలు జగిత్యాల ఇల్లాలి చేతికి రావచ్చు

ఒమన్‌లో సమాచార హక్కు చట్టం లేదు. గల్ఫ్ దేశాల్లోనే ఉన్న కువైట్ 2020లో అలాంటి చట్టం తెచ్చుకుంది. అరబ్ దేశాల్లో మొదటిది జోర్డాన్, 2007లో. ఒమన్‌లో ప్రభుత్వ కాగితాల గురించి ప్రధానంగా చెప్పే శాసనాల్లో ఒకటి 2011 నాటి 118వ రాజ శాసనం. ఏ కాగితాన్ని ఏ స్థాయి రహస్యంగా ఉంచాలో అది చెబుతుంది. చూపించమని అడిగే హక్కు పౌరుడికి ఇవ్వదు.

కానీ మస్కట్‌లోనే ఒక కార్యాలయం ఉంది, దాని ఫైళ్లను ఏ భారత పౌరుడైనా పది రూపాయలు కట్టి అడగవచ్చు. అది మన ఎంబసీ. ఒమన్ నేల మీద ఉన్నా అది భారత ప్రభుత్వ కార్యాలయమే కాబట్టి 2005 సమాచార హక్కు చట్టం దానికి పూర్తిగా వర్తిస్తుంది. అక్కడ పౌర సమాచార అధికారి ఉంటారు, ఆయన పైన అప్పీలు వినే అధికారి ఉంటారు, ఇద్దరి పైన ఢిల్లీలో కేంద్ర సమాచార కమిషన్ ఉంటుంది. గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన ఊళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు నాకు చాలా తక్కువగా కనిపించారు. అందుకే ఈసారి శీర్షిక అంతా దీనికే.

పది రూపాయలు మస్కట్ నుంచి కట్టడం ఎలా?

సముద్రం అవతల ఉన్నవాడికి పోస్టల్ ఆర్డరు ఎక్కడ దొరుకుతుంది? చాలా ఏళ్లు ఈ చిన్న చిక్కే పెద్ద అడ్డుగోడగా నిలిచింది. నౌకాదళంలో పనిచేసి విరమించిన కమడోర్ లోకేశ్ బత్రా లాంటివాళ్లు పట్టువదలకుండా తిరగగా, తపాలా శాఖ 2013 మార్చి 22న ఎలక్ట్రానిక్ పోస్టల్ ఆర్డరు తెచ్చింది. మొదట దాన్ని విదేశాల్లో ఉన్న భారతీయుల కోసమే పెట్టారు, మరుసటి ఏడాది దేశంలోని వారికీ ఇచ్చారు. కార్డుతో కొనుక్కుని, ఆ కాగితాన్ని దరఖాస్తుకు జత చేస్తే సరిపోతుంది. ఒక ఆర్డరు ఒక దరఖాస్తుకే పనికొస్తుంది.

2018 ఆగస్టులో లోక్‌సభలో కేంద్రం ఒక జవాబు చెబుతూ, ప్రవాస భారతీయులు ఈ చట్టం కింద దరఖాస్తు పెట్టుకోవడానికి అర్హులు కారని అంది. తప్పు చూపించాక ఆ జవాబును సరిదిద్దుకుంది. చట్టం అడిగేది పౌరసత్వం ఒక్కటే. మీరు ఎక్కడ నివసిస్తున్నారన్నది దానికి అక్కర్లేదు. భారత పాస్‌పోర్టు ఉన్న మేస్త్రీకి ఈ హక్కు ఉంది. విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు పెట్టుకున్న వైద్యుడికి లేదు.

ఊహించిన కుటుంబం, నిజమైన కాగితాలు

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. జగిత్యాల జిల్లా నుంచి సొహార్ వెళ్లిన ఒక మేస్త్రీ పనిచోట చనిపోయాడు. మూడు వారాలకు శవపేటిక శంషాబాద్‌లో దిగింది. గుండెపోటు అని ఫోనులో చెప్పారు. పరంజా మీద నుంచి పడ్డాడని తోటివాళ్లు అంటున్నారు. జీతం బాకీ ఉంది, సర్వీసు ముగింపు సొమ్ము రావాలి, పరిహారం ఉందో లేదో తెలియదు. ఏజెంటు ఫోను ఎత్తడం లేదు. ఈ కుటుంబం నేను ఊహించింది. దాని చుట్టూ తిరిగే కాగితాలు మాత్రం నిజంగా ఉండేవే.

విదేశంలో మన మనిషి చనిపోతే ఎంబసీలో ఒక ఫైలు తెరుస్తారు. అక్కడి ప్రభుత్వం ఇచ్చిన మరణ ధ్రువపత్రం, కారణం చెప్పే వైద్య నివేదిక, ప్రమాదమైతే పోలీసు నివేదిక, పాస్‌పోర్టు రద్దు చేసిన నమోదు, దేహాన్ని పంపడానికి ఎంబసీ ఇచ్చిన అనుమతి పత్రం అందులో చేరతాయి. కుటుంబం కోరితే బకాయిల గురించి కంపెనీకి ఎంబసీ రాసిన ఉత్తరాలు, కంపెనీ జవాబులు కూడా ఉంటాయి. దేహం పంపే ఖర్చు భరించేవాళ్లు లేకపోతే ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి నుంచి ఇచ్చారేమో ఆ లెక్క కూడా ఉండాలి. 2009లో మొదలైన ఆ నిధిలో పడేది, కాన్సులర్ సేవల మీద వసూలు చేసే చిన్న మొత్తాలే. అంటే పాస్‌పోర్టు కోసం వరుసలో నిలబడ్డ కూలీ ఇచ్చిన డబ్బు.

ఇప్పుడు దరఖాస్తు. ఇక్కడే చాలామంది తడబడతారు. "నా భర్త ఎలా చనిపోయాడు? మీరు ఏం చేస్తున్నారు? నాకు న్యాయం ఎప్పుడు?" అని రాస్తారు. ఆ ప్రశ్నల వెనకున్న బాధ న్యాయమైనదే. కానీ ఈ చట్టం ఇచ్చేది కార్యాలయంలో ఉన్న రికార్డును మాత్రమే. లేని సమాచారాన్ని తయారు చేసి ఇవ్వాల్సిన పని, కారణాలు వివరించాల్సిన పని అధికారికి లేదని సుప్రీంకోర్టు 2011లో ఆదిత్య బందోపాధ్యాయ కేసులో స్పష్టంగా చెప్పింది. కాబట్టి కాగితాన్ని కాగితంగానే అడగాలి. ఇలా:

"ఫలానా పాస్‌పోర్టు నంబరు గల నా భర్త, ఫలానా తేదీన మరణించిన సందర్భంగా ఎంబసీలో తెరిచిన ఫైలులోని కాగితాలన్నిటి నకళ్లు, నోటింగులతో సహా ఇవ్వండి. ఆయన కంపెనీకి బకాయిల గురించి ఎంబసీ పంపిన ఉత్తరాలు, వచ్చిన జవాబులు తేదీలతో ఇవ్వండి. ఆయన పేరున ఎంబసీకి సొమ్ము చేరి ఉంటే ఆ నమోదు పుట నకలు ఇవ్వండి."

అంతే. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు, అధికారి అడగకూడదు. సాధారణంగా దరఖాస్తు 500 పదాలు దాటకూడదన్నది కేంద్ర నిబంధన. నకలుకు పేజీకి రెండు రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. ప్రాంతపు అధికార భాషలో పెట్టుకోవచ్చని చట్టం అంటున్నా, మస్కట్‌లో చదవాల్సిన కాగితం కాబట్టి ఇంగ్లీషులో రాయించుకుంటే రోజులు కలిసొస్తాయి. ఇంట్లో కూర్చుని rtionline.gov.in ద్వారా విదేశాంగ శాఖకు పెట్టినా ఫరవాలేదు. తమ దగ్గర లేని సమాచారాన్ని ఉన్నచోటికి 5 రోజుల్లో బదిలీ చేయాలని 6(3) సెక్షన్ చెబుతుంది.

ఒక మాట మాత్రం మరచిపోవద్దు. దరఖాస్తు భార్య పేరునే పెట్టాలి. ఊరి నాయకుడి పేరునో, సంఘం పేరునో పెడితే అక్కడికక్కడే "ఇది మూడో మనిషి వ్యక్తిగత సమాచారం" అన్న జవాబు వస్తుంది. తన గుర్తింపు కార్డు, తాను భార్యనని చూపే ఒక పత్రం జత చేస్తే ఆ అభ్యంతరంలో సగం బలం పోతుంది.

రోజుకు పది మంది అన్న లెక్క ఎక్కడిది?

గల్ఫ్‌లో రోజుకు పదిమందికి పైగా భారతీయ కార్మికులు చనిపోతున్నారన్న మాట మీరు వినే ఉంటారు. ఆ లెక్క బయటపడింది ఇలాంటి దరఖాస్తుతోనే. కామన్‌వెల్త్ హ్యూమన్ రైట్స్ ఇనిషియేటివ్ అనే సంస్థలో పనిచేస్తున్న వెంకటేశ్ నాయక్ 2018లో విదేశాంగ శాఖను ఒమన్ సహా ఆరు గల్ఫ్ దేశాల మరణాల వివరాలు అడిగారు. ఎంబసీలు అన్నీ ఒకేలా జవాబివ్వలేదు. వచ్చిన జవాబులను, పార్లమెంటులో చెప్పిన అంకెలను కలిపి చూస్తే, 2012 నుంచి 2018 మధ్య వరకు కనీసం 24,570 మంది చనిపోయారని తేలింది.

ఇక్కడ గమనించాల్సింది అడిగిన తీరు. అడిగింది సంఖ్యలను, కారణాలవారీ లెక్కను. ఎవరి గోప్యతా పోదు, ఏ దేశంతోనూ సంబంధం చెడదు. మినహాయింపుల గొడవే రాకుండా అడగగలిగితే అంతకంటే మంచి దారి లేదు. మన జగిత్యాల ఇల్లాలికి ఆ వీలు లేదు. ఆమెకు కావాల్సింది ఒక్క మనిషి ఫైలు. ఆ ఒక్క ఫైలు దగ్గరే మినహాయింపులన్నీ వచ్చి నిలబడతాయి.

ఒకే ఫైలు, నాలుగు తాళాలు

చట్టంలోని 8(1) సెక్షన్‌లో పది మినహాయింపులున్నాయి. మన ఫైలుకు తగిలేవి ముఖ్యంగా నాలుగు. ఒక్కొక్కటి ఎక్కడిదాకా పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకుంటేనే జవాబు చదివి అధికారి తప్పుకుంటున్నాడో, నిజంగా చట్టానికి కట్టుబడ్డాడో పోల్చుకోగలం.

మొదటిది విదేశీ ప్రభుత్వం నుంచి నమ్మకంగా అందిన సమాచారం. "ఒమన్ ప్రభుత్వం ఇచ్చింది కాబట్టి ఇవ్వం" అని రాస్తే అది సగం చదువు. చట్టం అన్నది "విదేశీ ప్రభుత్వం నుంచి అందినది" అని కాదు, "నమ్మకంగా అందినది" అని. మరణ ధ్రువపత్రం కుటుంబానికి ఇవ్వడానికే పుట్టిన కాగితం. అందులో గోప్యం ఏముంది? అదే రాయల్ ఒమన్ పోలీసులు ఎంబసీకి నమ్మకంగా పంపిన దర్యాప్తు సమాచారమైతే అభ్యంతరానికి బలం ఉంటుంది.

రెండోది దర్యాప్తుకు ఆటంకం. "కేసు విచారణలో ఉంది" అన్న ఒక్క ముక్కతో తిరస్కరించడం మామూలు. ఢిల్లీ హైకోర్టు 2007లో భగత్ సింగ్ కేసులో దీన్ని తేల్చేసింది. విచారణ నడుస్తోందన్న కారణం చాలదు. ఈ కాగితం ఇస్తే ఆ విచారణ ఎలా కుంటుపడుతుందో అధికారి చూపించాలి.

మూడోది వ్యాపార రహస్యం. కంపెనీ రాసిన జవాబు, ఆ కంపెనీ మీద ఎంబసీకి వచ్చిన ఫిర్యాదుల సంఖ్య అడిగితే ఇది పైకి వస్తుంది. కంపెనీ గోప్యంగా ఇచ్చిన సమాచారమైతే దానికి 5 రోజుల్లో నోటీసు పంపి, అభ్యంతరం చెప్పుకోవడానికి 10 రోజులు ఇవ్వాలి. అభ్యంతరం చెప్పినంత మాత్రాన నిర్ణయం కంపెనీ చేతిలోకి పోదు. నిర్ణయం అధికారిదే. కంపెనీ ఒప్పుకోలేదు కాబట్టి ఇవ్వడం లేదని జవాబు వస్తే అది చట్టం అడిగిన పని చేయకపోవడమే.

నాలుగోది వ్యక్తిగత సమాచారం. దీని కథ ఇటీవలే మారింది.

2025 నవంబర్‌లో ఏం మారింది?

ఇరవై ఏళ్లు 8(1)(జె) అనే క్లాజు ఇలా నడిచింది. వ్యక్తిగత సమాచారానికి ప్రజా కార్యకలాపంతో సంబంధం లేకపోయినా, ఇస్తే ఒకరి గోప్యతలోకి అనవసరంగా చొరబడినట్టు అయినా ఇవ్వనక్కర్లేదు. అయితే విశాల ప్రజాప్రయోజనం ఉందని అధికారి నమ్మితే ఇవ్వవచ్చు. పార్లమెంటుకు కాదనలేని సమాచారాన్ని పౌరుడికీ కాదనకూడదన్న వాక్యం కూడా ఆ చోటే ఉండేది.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ షరతులన్నిటినీ తీసేసింది. 2025 నవంబర్ నుంచి ఆ మార్పు అమలులోకి వచ్చింది. ఇప్పుడు ఆ క్లాజులో మిగిలింది వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది అనే ఒక్క ముక్క. పేరు ఉన్న ప్రతి కాగితాన్నీ ఆ ముక్క కిందకు లాగవచ్చు. చనిపోయిన మేస్త్రీ జీతం వ్యక్తిగతమే. కంపెనీ మేనేజరు సంతకం వ్యక్తిగతమే. ఏ అధికారి ఫైలును మూడు నెలలు ఆపాడన్నది కూడా వ్యక్తిగతమే అనేవాళ్లు వస్తారు. ఈ మార్పు నాకు మింగుడుపడలేదు. గోప్యత కాపాడవలసిందే. కానీ పాత మాటల్లో గోప్యతకు రక్షణ ఉంది, ప్రశ్నకు చోటూ ఉంది. కొత్త మాటల్లో రెండోది చెరిగిపోయింది.

పూర్తిగా చెరిగిపోలేదు. మిగిలిన తలుపు పేరు 8(2).

తాళాలన్నిటికీ ఒకే తాళంచెవి

8(2) సెక్షన్ చెప్పేది ఇది. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఏమన్నా, పైన చెప్పిన మినహాయింపుల్లో ఏది వర్తించినా, వెల్లడించడంలోని ప్రజాప్రయోజనం అలా వెల్లడిస్తే కలిగే నష్టం కంటే ఎక్కువైతే ఆ ప్రభుత్వ సంస్థ సమాచారం ఇవ్వవచ్చు. రఫేల్ పత్రాల మీద 2019 ఏప్రిల్ 10న తీర్పు ఇచ్చినప్పుడు సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌నే ఎత్తి చూపింది. రహస్యం అని ముద్ర వేసినంత మాత్రాన కాగితం కోర్టు కంటికి కూడా దూరం కాదంది.

ఇందులో రెండు సూక్ష్మాలున్నాయి, వాటిని తెలుసుకోకుండా రాసిన అప్పీళ్లు చాలా వీగిపోతాయి.

వ్యాపార రహస్యం క్లాజులో విశాల ప్రజాప్రయోజనం అనే మాట లోపలే ఉంది. దాన్ని తూచే బాధ్యత ఆ క్లాజు ప్రకారమే వస్తుంది. విదేశీ ప్రభుత్వం, దర్యాప్తు, విదేశీ సంబంధాల క్లాజుల్లో ఆ మాట లేదు. 2025 నుంచి వ్యక్తిగత సమాచారంలోనూ లేదు. వీటికి 8(2) ఒక్కటే దారి. అక్కడ మాట "ఇవ్వాలి" కాదు, "ఇవ్వవచ్చు". తూచాల్సింది ఒక్క సమాచార అధికారే కాదు, సంస్థ మొత్తం. అందుకే దరఖాస్తులో ఆ సెక్షన్ పేరు రాయకపోతే చాలాసార్లు ఎవరూ తూచరు, తిరస్కరణ ఉత్తరంలో 8(2) ఊసే ఉండదు. ఆ ఊసు లేకపోవడమే అప్పీలుకు బలమైన కారణం.

రెండో సూక్ష్మం. ప్రజాప్రయోజనం అంటే ప్రజలకు ఆసక్తి ఉన్న విషయం కాదు. నాకు అవసరం అన్నది కూడా ఒక్కటే చాలదు. 2019 నవంబర్ 13న ప్రధాన న్యాయమూర్తి కార్యాలయం కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పినట్టు, ఒక పళ్లెంలో గోప్యత, ఇంకో పళ్లెంలో ప్రజాప్రయోజనం పెట్టి సందర్భాన్ని బట్టి తూచాలి. మన ఇల్లాలి కేసులో తూకానికి ఏం పెట్టాలి? భర్త జీతపు రసీదు అడిగేటప్పుడు భార్యగా తన సంబంధాన్ని చూపవచ్చు. కానీ ఆ కంపెనీ మీద గత అయిదేళ్లలో వచ్చిన మరణాల, జీతాల ఫిర్యాదుల వివరం అడిగినప్పుడు ఆమె ఇలా రాయాలి:

"ఈ కంపెనీ భారతదేశం నుంచి ఇంకా కార్మికులను తీసుకుంటోంది. వెళ్లబోయేవారి ప్రాణభద్రత ఈ సమాచారం మీద ఆధారపడి ఉంది. ఫిర్యాదు చేసిన కార్మికుల పేర్లు నాకు అక్కర్లేదు, వాటిని కొట్టివేసి ఇవ్వండి. ఇస్తే కలిగే నష్టం ఏమిటో, ఎవరికో రాతలో చెప్పండి. 8(2) సెక్షన్ కింద తూచండి."

ఆ పేర్లు కొట్టివేసి ఇవ్వండి అన్న మాట మర్యాద కోసం రాసింది కాదు. చట్టంలోని 10వ సెక్షన్ అది. మినహాయింపు తగిలే భాగాన్ని నల్లసిరాతో మూసి మిగతాది ఇవ్వాలి. పళ్లెంలోని గోప్యత బరువును మీరే ముందుగా తగ్గించి ఇచ్చినట్టు. ఆ తర్వాత మొత్తం ఫైలును మూసిపెట్టడానికి కారణం దొరకడం కష్టం.

ఈ తాళంచెవి పడని తలుపులూ ఉన్నాయి. 24వ సెక్షన్ కింద మినహాయించిన గూఢచారి సంస్థల ఫైళ్లకు 8(2) పనిచేయదు. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు మాత్రమే అక్కడ చిన్న సందు ఉంది. ఇంకా పెద్ద హద్దు, ఒమన్‌లోని కంపెనీ, ఆసుపత్రి, పోలీసు స్టేషను ఈ చట్టం పరిధిలోకే రావు. వాటి కాగితాల్లో మన ఎంబసీ చేతికి చేరినవే మనకు అందుతాయి. అందిన కాగితాన్ని ఒమన్‌లో ఉంటూ ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. అక్కడి సైబర్ నేరాల శాసనం, 2011 నాటి 12వది, ఇతరుల వ్యక్తిగత విషయాలు ప్రచారం చేసేవారికి కఠినం. అది మన చట్టం చూడదు.

30 రోజులు కాదు, 48 గంటలు

చాలామందికి తెలిసిన గడువు 30 రోజులు. ఒక మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలి. ఒమన్‌లో చెరలో ఉన్న అన్న, పనింటి నుంచి పారిపోయి ఎంబసీ ఆశ్రయంలో ఉందని విన్న చెల్లెలు, వీసా అయిపోయి ఖల్లివల్లిగా మారి జైలుకు పోయిన కొడుకు, వీళ్ల సమాచారం ఆ కోవలోకి వస్తుంది. దరఖాస్తు పైనే "ప్రాణం, స్వేచ్ఛకు సంబంధించినది, 7(1) సెక్షన్" అని రాయాలి. ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పాలి, ఉన్న ఆధారం జత చేయాలి. లేకపోతే అది మామూలు కట్టలో కలిసిపోతుంది.

జవాబు రాకపోతే

30 రోజులు గడిచి జవాబు రాకపోతే చట్టం దాన్ని తిరస్కరణగానే లెక్కిస్తుంది. ఆ తర్వాత ఇచ్చే సమాచారానికి డబ్బు తీసుకోకూడదు. తిరస్కరణ అందిన రోజు నుంచి 30 రోజుల్లో ఎంబసీలోని అప్పీలు అధికారికి రాయాలి. ఆయన 30 రోజుల్లో, తప్పకపోతే 45 రోజుల్లో తేల్చాలి. అప్పటికీ కాకపోతే 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కు వెళ్లాలి. కమిషన్ ముందుకు పోవాలంటే ఢిల్లీ ప్రయాణం ఖాయమని భయపడనక్కర్లేదు. జిల్లా కేంద్రంలోని ఎన్ఐసీ కార్యాలయం నుంచి వీడియోలో మాట్లాడవచ్చు. అక్కడ రుజువు భారం మీది కాదు. ఎందుకు ఇవ్వలేదో సమర్థించుకోవాల్సింది అధికారే, 19(5) సెక్షన్ ఆ మాట స్పష్టంగా అంటుంది. సరైన కారణం లేకుండా ఆపినట్టు తేలితే రోజుకు 250 రూపాయలు, మొత్తం 25,000 వరకు జరిమానా ఆయన సొంత జేబు నుంచే పోతుంది.

ఫైలు కనపడటం లేదు అన్న జవాబు మాత్రం వేరే జాతి. 8(1)లో ఎక్కడా "కనపడలేదు" అనే మినహాయింపు లేదు. 2013లో విశ్వాస్ భంబూర్కర్ కేసులో ఢిల్లీ హైకోర్టు, దొరకలేదన్న మాటతో సరిపెట్టకుండా వెతికించాలని, అవసరమైతే విచారణ జరిపి బాధ్యులను తేల్చాలని చెప్పింది. అప్పీలులో ఆ విచారణ కోరవచ్చు.

మన ఇల్లాలికి ఈ గడియారంతో పాటు ఇంకో గడియారం ఉంది. 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. దానికి మరణ ధ్రువపత్రం, రద్దయిన పాస్‌పోర్టు చూపించాలి. ఎంబసీ ఫైలు కోసం నెలలు వేచి చూస్తూ కలెక్టరు కార్యాలయంలో దరఖాస్తు ఆలస్యం చేయకూడదు. రెండు దారులూ ఒకేసారి నడవాలి. కలెక్టరు కార్యాలయంలో ఆ దరఖాస్తు ఎక్కడ ఆగిందో అడగడానికీ ఇదే చట్టం, అక్కడ కమిషన్ మాత్రం హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్.

జీతాల ఫైలు

2020 సెప్టెంబర్‌లో విదేశాంగ శాఖ గల్ఫ్ దేశాలకు వెళ్లే మన కార్మికుల కనీస సిఫారసు వేతనాన్ని బాగా తగ్గిస్తూ ఉత్తర్వులు ఇచ్చింది. ఒమన్‌కు నెలకు 200 డాలర్లకు దించారు. తెలంగాణలో ఆందోళన రేగింది, హైకోర్టులో వ్యాజ్యం పడింది, 2021లో ఉత్తర్వులు వెనక్కి తీసుకున్నారు. ఎవరు సూచించారు, ఎంబసీ ఏం అభిప్రాయం చెప్పింది, ఏ లెక్క మీద ఆ అంకె వచ్చింది అన్నది ఫైలు నోటింగుల్లో ఉంటుంది. నోటింగులు కూడా సమాచారమే, ఎందుకంటే సమాచారానికి చట్టం ఇచ్చిన నిర్వచనంలో అభిప్రాయాలు, సలహాలు చేరి ఉన్నాయి. విదేశీ సంబంధాలు దెబ్బతింటాయన్న జవాబు ఇలాంటి చోటనే వస్తుంది. అయితే మన ప్రభుత్వం మన కూలీకి తానే వేసిన కనీస ధర ఎందుకు తగ్గించిందో చెప్పినంత మాత్రాన ఒమన్‌తో మన స్నేహానికి ఏం నష్టమో అధికారి రాతలో చూపించాలి. ఆ రాత లేకపోతే తూకంలో ఒక పళ్లెం ఖాళీగా ఉన్నట్టే.

ఇరవై ఏళ్లు నిండిన మరణాలు

ఇది అందరికంటే తక్కువ మందికి తెలిసిన సంగతి. 8(3) సెక్షన్ ప్రకారం, దరఖాస్తు పెట్టే రోజుకు ఇరవై ఏళ్ల ముందు జరిగిన ఘటన గురించి అడిగితే మినహాయింపుల్లో చాలా వరకు రాలిపోతాయి. దేశ భద్రత, విదేశీ సంబంధాలు ఉన్న (ఎ) క్లాజు, చట్టసభల హక్కుల (సి), మంత్రివర్గ పత్రాల (ఐ), ఈ మూడే నిలుస్తాయి. విదేశీ ప్రభుత్వం నమ్మకంగా ఇచ్చింది అన్న అభ్యంతరం పోతుంది, దర్యాప్తు అభ్యంతరం పోతుంది, 2025లో అంత వెడల్పుగా తెరిచిన వ్యక్తిగత సమాచారం అభ్యంతరం కూడా పోతుంది. ఇరవై ఏళ్ల క్రితం రువీలోనో సలాలాలోనో చనిపోయిన తండ్రి ఫైలు కోసం, అప్పుడు పసివాడైన కొడుకు ఇప్పుడు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అతను ముందుగా అడగాల్సింది ఫైలును కాదు, ఎంబసీ పాటించే రికార్డుల భద్రపరిచే గడువుల జాబితాను. ఆ జాబితాలో మరణాల రిజిస్టరు ఎన్నేళ్లు ఉంచాలని రాసి ఉందో చూసుకుని, రెండో దరఖాస్తు ఆ రిజిస్టరులోని పుట కోసం పెట్టాలి.